ఫాలోవర్లలో నిలిచి కొనేవాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారు? కోహార్ట్ లెక్కపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించి, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునే చిన్న వ్యాపారాలను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. పచ్చడి అయిపోతే మళ్లీ కొంటారు కాబట్టి, ఎవరు నిలిచారో ఎవరు జారిపోయారో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. మధ్యలో వచ్చే వ్యాపారం అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసినవే. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే.

కోహార్ట్ అంటే ఏమిటి? మొత్తం ఫాలోవర్లు, మొత్తం అమ్మకాలు చూసుకుంటే సరిపోదా?

ఒకే కాలంలో, ఒకే దారిలో మీ దగ్గరికి వచ్చిన మనుషుల గుంపే కోహార్ట్. ఆగస్టులో గివ్‌అవే చూసి ఫాలో అయినవాళ్లు ఒక కోహార్ట్. అదే ఆగస్టులో ఎగ్జిబిషన్ స్టాల్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినవాళ్లు ఇంకో కోహార్ట్. ఒక్కో గుంపును వచ్చిన రోజు నుంచి విడిగా వెంబడిస్తూ, వాళ్లలో ఎంతమంది కొన్నారు, ఎంతమంది మళ్లీ మళ్లీ కొన్నారు అని చూడటమే కోహార్ట్ విశ్లేషణ.

మొత్తం అంకెలు చూస్తే ఇది కనబడదు. ఈ నెల 300 ఆర్డర్లు వచ్చాయంటే అందులో సగం రెండేళ్ల నాటి పాత కస్టమర్లవే కావచ్చు. అప్పుడు ఈ నెల మీరు యాడ్‌ల మీద పెట్టిన డబ్బుకూ ఆ ఆర్డర్లకూ సంబంధమే లేదు. పాతవాళ్ల ఆర్డర్లు కొత్త ఖర్చు ఖాతాలో పడిపోవడం వల్లే చాలామంది పనికిరాని యాడ్‌ను నెలల తరబడి నడుపుతూ ఉంటారు.

"నిలిచిన కొనుగోలుదారు" అని ఎవరిని అనాలి? రెండోసారి కొంటే చాలా?

ఇది ముందే తేల్చుకోవాలి. లెక్క చేశాక తేల్చుకుంటే, మనకు నచ్చిన సోర్స్, అంటే కస్టమర్ వచ్చిన దారి, గెలిచేలా తెలియకుండానే నిర్వచనం మార్చేస్తాం.

నేను వాడేది ఇది: మొదటి ఆర్డర్ నుంచి 180 రోజుల్లోపు కనీసం ఇంకో రెండు ఆర్డర్లు, అంటే మొత్తం మూడు, డెలివరీ అయి ఉండాలి. రెండో ఆర్డర్‌ను మాత్రమే కొలబద్దగా పెట్టుకోను. మొదటిసారి గోంగూర పంపితే బాగుందని, వెంటనే పండక్కి బంధువులకు పంపించడానికి ఇంకోటి కొనేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ తర్వాత వాళ్లు కనబడరు. మూడో ఆర్డర్ వచ్చిందంటే మీ సీసా వాళ్ల వంటింట్లో చోటు సంపాదించుకున్నట్టే.

180 రోజులు అన్నది అందరికీ వర్తించే అంకె కాదు. మీ దగ్గర కనీసం ఏడాది కిందట మొదలుపెట్టిన కస్టమర్లను తీసుకోండి. మళ్లీ కొన్నవాళ్లు ఒక ఆర్డర్‌కూ తర్వాతి ఆర్డర్‌కూ మధ్య ఎన్ని రోజులు తీసుకున్నారో వరసగా పేర్చి చూడండి. పదిమందిలో ఎనిమిదిమంది ఎన్ని రోజుల్లోపు తిరిగి వచ్చారో ఆ అంకె పట్టుకోండి. అరకిలో సీసాలు అమ్మేవాళ్లకు అది 80 రోజులు అనుకుందాం. రెండు విరామాలు కలిపితే 160. కాస్త వెసులుబాటు ఇస్తే 180. పావుకిలో పొడులు అమ్మేవాళ్లకు ఇంకా తక్కువ రావచ్చు. ఈ పనికి కొత్త కస్టమర్లను వాడకూడదు. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లలో త్వరగా తిరిగొచ్చినవాళ్లే కనబడతారు కాబట్టి విరామం నిజం కంటే చిన్నదిగా తేలుతుంది.

మరి ప్రతి వేసవిలో ఏడాదికి సరిపడా ఆవకాయ కొనేవాళ్ల సంగతి? వాళ్లు 180 రోజుల్లో తిరిగి రారు కదా.

రారు. కానీ వాళ్లంత నమ్మకమైన కస్టమర్లు ఇంకెవరూ ఉండరు. మే నెలలో ఐదు కిలోల ఆవకాయ, రెండు కిలోల మాగాయ తీసుకుని, మళ్లీ వచ్చే ఏప్రిల్‌లో "ఈసారి కాయ ఎలా ఉందండీ?" అని మెసేజ్ పెట్టే మనిషిని జారిపోయిన కస్టమర్ అని రాసుకుంటే లెక్కే తప్పు.

అందుకే వీళ్లను మొదటి ఆర్డర్ పరిమాణం బట్టి విడదీయాలి. మొదటి ఆర్డర్‌లో మూడు కిలోలు దాటితే "ఏడాది జాడీ" అని ఒక గుర్తు పెట్టండి. వాళ్లకు నిర్వచనం వేరు: తర్వాతి వేసవి సీజన్‌లో మళ్లీ కొన్నారా లేదా. ఆ జవాబు రావడానికి ఏడాది పడుతుంది, ఓపిక పట్టాల్సిందే. రెండు రకాల కొనుగోలుదారులను ఒకే కాలమ్‌లో కలిపేస్తే, వేసవిలో నడిపిన ప్రతి యాడ్ చెత్తగా, శీతాకాలంలో నడిపిన ప్రతిదీ బంగారంగా కనబడుతుంది.

ఏ ఫాలోవర్ ఎక్కడి నుంచి వచ్చారో ఇన్‌స్టాగ్రామ్ పేరుపేరునా చెప్పదు కదా? మరి ఎలా?

నిజమే, చెప్పదు. ఒక రీల్ వల్ల ఎంతమంది ఫాలో అయ్యారో ఇన్‌సైట్స్‌లో సంఖ్య చూపిస్తుంది, ఆ మనుషులు ఎవరో చూపించదు. దీనికి నడిచే దారి ఒకటుంది, చాలామంది దాన్ని వాడుకోరు.

అకౌంట్ సెట్టింగ్స్‌లో మీ సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం ఉంది. అందులో ఫాలోవర్ల భాగాన్ని JSON రూపంలో అడిగితే `followers_1.json` అనే ఫైల్ వస్తుంది. దాంట్లో ఒక్కో ఫాలోవర్ యూజర్‌నేమ్‌తో పాటు, వాళ్లు ఏ క్షణాన ఫాలో అయ్యారో `timestamp` అనే పెద్ద అంకె ఉంటుంది. అది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క. దాన్ని షీట్‌లోకి తెచ్చుకున్నాక మన సమయంలోకి ఇలా మార్చుకోవచ్చు:

```
=A2/86400+DATE(1970,1,1)+TIME(5,30,0)
```

ఇప్పుడు ఎవరు ఏ రోజు ఫాలో అయ్యారో మీ చేతిలో ఉంది. మామూలు రోజుల్లో రోజుకు పదిమంది చేరతారనుకోండి. ఒక ఫుడ్ వ్లాగర్ మీ కందిపొడి గురించి రీల్ పెట్టిన రెండు రోజుల్లో ఆరువందల మంది చేరారు. ఆ రెండు రోజుల్లో ఎలాగూ వచ్చేవాళ్లు ఇరవైమంది. మిగతా 580 మంది ఆ రీల్ వల్ల వచ్చినవాళ్లే అనుకోవడంలో పెద్ద తప్పు లేదు. కాబట్టి ఆ రెండు రోజుల యూజర్‌నేమ్‌లన్నిటికీ "వ్లాగర్" అని సోర్స్ వేసేయొచ్చు. ఆర్డర్ వచ్చినప్పుడు ఇన్‌స్టా ఐడీ అడిగి రాసుకుంటే, ఆ మనిషి ఏ కోహార్ట్‌కు చెందినవారో అప్పుడే తెలుస్తుంది.

ఇది పనిచేయాలంటే ఒక క్రమశిక్షణ కావాలి: ఒకే వారంలో రెండు ప్రచారాలు పెట్టకండి. గివ్‌అవే, వ్లాగర్ రీల్ ఒకే రోజున వచ్చాయంటే ఆ రోజు చేరినవాళ్లను ఏ లెక్కా విడదీయలేదు. వాళ్లకు "కలగాపులగం" అని రాసి పక్కన పెట్టడమే నిజాయితీ.

ఆ ఫైల్‌లో ఇంకో చిక్కు ఉంది. అది ఈ రోజు మిగిలి ఉన్న ఫాలోవర్లనే చూపిస్తుంది. గివ్‌అవే ఫలితం ప్రకటించిన మర్నాడే అన్‌ఫాలో చేసి వెళ్లిపోయినవాళ్లు అందులో ఉండరు. ఆరు నెలల తర్వాత ఒక్కసారి డౌన్‌లోడ్ చేస్తే గివ్‌అవే ద్వారా 3,000 మంది కాకుండా 1,800 మందే వచ్చినట్టు కనబడి, కొన్నవాళ్ల శాతం ఉన్నదానికంటే బాగా ఉన్నట్టు తేలుతుంది. అందుకే ప్రతి ప్రచారం అయిన రెండు మూడు రోజులకు ఒకసారి, మామూలుగా నెలాఖరున ఒకసారి ఫైల్ దింపుకుని తేదీ వేసి దాచండి.

వాట్సాప్‌కు నేరుగా వచ్చేవాళ్ల సోర్స్ ఎలా పట్టుకోవాలి?

ఇది తేలిక. వాట్సాప్ లింక్‌లో ముందే ఒక మెసేజ్ రాసి పెట్టే వీలుంది. ఒక్కో సోర్స్‌కు ఒక్కో గుర్తుతో వేరే లింక్ తయారు చేయండి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Namaste%20S1
```

స్టాల్ బ్యానర్ మీది క్యూఆర్‌కు S1, ఇన్‌స్టా బయోకు B1, కొరియర్ డబ్బాలో పెట్టే చీటీకి D1. కస్టమర్ సెండ్ నొక్కగానే గుర్తు మీ ఇన్‌బాక్స్‌లో పడుతుంది. కొందరు ఆ మాట చెరిపేసి "రేట్లు చెప్పండి" అని పంపుతారు. వాళ్లను అడగాల్సిందే. కానీ "మా గురించి ఎలా తెలిసింది?" అంటే అందరూ "ఇన్‌స్టాలో" అనేస్తారు, దానివల్ల ఉపయోగం లేదు. "మొట్టమొదట ఎక్కడ చూశారండీ, రీల్‌లోనా, స్టాల్‌లోనా, ఎవరైనా చెప్పారా?" అని పేర్లు పెట్టి అడిగితే ఆలోచించి చెబుతారు.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లోని లేబుళ్లను సోర్స్ కోసం వాడొచ్చు కానీ వాటిమీదే ఆధారపడకండి. ఆ లేబుళ్లు పేమెంట్ పెండింగ్, పార్శిల్ పంపాం లాంటి రోజువారీ పనికి కావాలి. సోర్స్ మాత్రం షీట్‌లోకి ఎక్కాలి, ఒక్కసారి ఎక్కాక మారకూడదు. మనిషి ముందు రీల్ చూసి, తర్వాత స్టాల్‌కు వచ్చి, ఆ తర్వాత యాడ్ నొక్కి కొన్నా సరే, మన ప్రశ్న "ఈ మనిషిని మన దగ్గరికి మొదట తెచ్చింది ఏది" అన్నదే కాబట్టి రీల్ అనే రాయాలి. చివరగా నొక్కింది ఏదో తెలిస్తే పక్క కాలమ్‌లో రాసుకోండి.

షీట్ ఎలా కట్టాలి? పెద్ద సాఫ్ట్‌వేర్ కావాలా?

ఏడాదికి రెండు మూడు వేల ఆర్డర్లున్న వ్యాపారానికి గూగుల్ షీట్స్ చాలు. రెండు ట్యాబ్‌లు: `People`, `Orders`. మొదటిదాంట్లో మనిషికి ఒక వరస: A కాలమ్‌లో ఫోన్ నంబర్, B లో వచ్చిన తేదీ, C లో సోర్స్. రెండోదాంట్లో ఆర్డర్‌కు ఒక వరస: A లో ఫోన్, B లో తేదీ, C లో మొత్తం, D లో కిలోలు, E లో స్థితి.

మనిషిని గుర్తుపట్టే తాళం ఫోన్ నంబరే. ఒకచోట +91, ఇంకోచోట మధ్యలో ఖాళీలు ఉంటే ఒకే మనిషి ఇద్దరైపోతారు, మళ్లీ కొన్నవాళ్లు కొత్తవాళ్లుగా లెక్కలోకొస్తారు. అందుకని చివరి పది అంకెలే ఉంచండి:

```
=RIGHT(REGEXREPLACE(TO_TEXT(A2),"\D",""),10)
```

తర్వాత `People` ట్యాబ్‌లో D కాలమ్‌కు మొదటి ఆర్డర్ తేదీ, E కాలమ్‌కు 180 రోజుల్లోని ఆర్డర్ల సంఖ్య:

```
=MINIFS(Orders!B:B,Orders!A:A,A2,Orders!E:E,"Delivered")
=COUNTIFS(Orders!A:A,A2,Orders!E:E,"Delivered",Orders!B:B,">="&D2,Orders!B:B,"<="&D2+180)
```

ఏమీ కొననివారికి మొదటి ఫార్ములా 0 ఇస్తుంది, కంగారు పడక్కర్లేదు. E లో 3 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ మనిషి నిలిచినట్టు.

స్థితి "Delivered" అయితేనే ఎందుకు లెక్కించాలంటే, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టినచోట పార్శిల్ తీసుకోకుండా వెనక్కి పంపేవాళ్లు ఉంటారు. సోర్స్ బట్టి ఈ తేడా బాగా ఉంటుంది. ఫోన్‌లో యాడ్ చూసి ఆ ఊపులో ఆర్డర్ పెట్టినవాళ్లు, స్టాల్‌లో రుచి చూసి కొన్నవాళ్ల కంటే ఎక్కువగా వెనక్కి పంపుతారు. బుక్ అయిన ఆర్డర్లు లెక్కిస్తే యాడ్‌కు లేని ఘనత వస్తుంది. ఇంకో మాట, ఒకే రోజు "ఇంకో సీసా కూడా వేయండి" అని వచ్చే రెండో మెసేజ్ కొత్త ఆర్డర్ కాదు. దాన్ని మొదటిదాంట్లోనే కలిపేయండి.

అసలు లెక్క ఒకటి పూర్తిగా చేసి చూపించగలరా?

ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో నాలుగు దారుల్లో వచ్చినవాళ్లను తీసుకుందాం. వచ్చిన 60 రోజుల్లోపు మొదటి ఆర్డర్ పెట్టినవాళ్లనే కొన్నవాళ్లుగా లెక్కిద్దాం. సెప్టెంబర్ ఆఖరున వచ్చిన మనిషి నవంబర్ చివర్లో కొనొచ్చు, దానికి 180 రోజులు కలిపితే మే చివర. అంటే ఈ పట్టిక జూన్‌లో గానీ పూర్తి కాదు.

| సోర్స్ | ఖర్చు | వచ్చినవాళ్లు | కొన్నవాళ్లు | నిలిచినవాళ్లు | మొత్తం ఆర్డర్లు |
|---|---|---|---|---|---|
| గివ్‌అవే | ₹9,000 | 3,000 | 30 | 3 | 42 |
| వ్లాగర్ రీల్ | ₹15,000 | 1,200 | 60 | 9 | 92 |
| వాట్సాప్ యాడ్ | ₹20,000 | 400 | 100 | 12 | 145 |
| స్టాల్ | ₹12,000 | 150 | 50 | 20 | 120 |

ఎడమ నుంచి కుడికి చదువుతూ పోతే గెలిచేది మారుతూ ఉంటుంది. ఫాలోవర్లు కావాలంటే గివ్‌అవేకు సాటి లేదు, ఒక్కొక్కరికి మూడు రూపాయలే పడింది. మొదటిసారి కొన్న మనిషికి అయిన ఖర్చు చూస్తే గివ్‌అవే ₹300, వ్లాగర్ ₹250, స్టాల్ ₹240, యాడ్ ₹200. ఇక్కడ యాడ్ గెలిచింది. చాలామంది ఇక్కడే ఆగి వచ్చే నెల యాడ్ బడ్జెట్ రెట్టింపు చేస్తారు.

ఇంకో కాలమ్ ముందుకెళ్లి నిలిచిన మనిషికి ఎంత పడిందో చూడండి. గివ్‌అవేకు ₹3,000. వ్లాగర్‌కూ యాడ్‌కూ దాదాపు ఒకటే, ₹1,667. స్టాల్‌కు ₹600. స్టాల్‌లో కొన్న యాభైమందిలో ఇరవైమంది నిలిచారు. యాడ్ చూసి కొన్న వందమందిలో పన్నెండుమందే.

లాభం కూడా వేద్దాం. సరుకు, సీసా, ప్యాకింగ్, కొరియర్ పోను ఆర్డర్‌కు ₹150 మిగులుతుందనుకుంటే, స్టాల్ కోహార్ట్ 120 ఆర్డర్ల మీద ₹18,000 తెచ్చింది, ఖర్చు ₹12,000. యాడ్ ₹21,750 తెచ్చింది, ఖర్చు ₹20,000, అంటే బొటాబొటీ. వ్లాగర్ ₹13,800కు ₹15,000, ఆరు నెలలకు ఇంకా ₹1,200 తక్కువ. గివ్‌అవే ₹6,300కు ₹9,000. అయితే ఆరు నెలలతో కథ అయిపోదు. వ్లాగర్ ద్వారా వచ్చి నిలిచిన తొమ్మిదిమంది వచ్చే ఏడాదీ కొంటారు, ఆ కొద్ది లోటు పూడటానికి ఎనిమిది ఆర్డర్లు చాలు. గివ్‌అవేలో నిలిచింది ముగ్గురే, ₹2,700 పూడాలంటే పద్దెనిమిది ఆర్డర్లు కావాలి.

స్టాల్ ఎందుకు నిలబెడుతుందన్నదానికి ఇక్కడ పెద్ద రహస్యం లేదు. అక్కడ మనిషి వేడన్నంలో రెండు మెతుకులకు పచ్చడి అద్దుకుని తిన్నాడు, ఉప్పూ కారం తన నోటికి సరిపోయాయని తెలిశాకే కొన్నాడు. సరిపోనివాళ్లు అక్కడే ఆగిపోయారు. యాడ్ చూసినవాళ్లకు ఆ వడపోత మొదటి పార్శిల్ ఇంటికి చేరాక జరుగుతుంది, దాని ఖర్చు మీ మీద పడుతుంది. అందుకే స్టాల్‌ను పెంచలేని వ్యాపారాలకు నా సలహా ఒకటే: యాడ్ నుంచి వచ్చేవాళ్లకు మొదటి ఆర్డర్‌గా కిలో సీసా కాకుండా నాలుగు రకాల చిన్న శాంపిల్ ప్యాక్ పెట్టి, దాన్ని వేరే కోహార్ట్‌గా రాసి చూడండి.

అంకెలు ఇంత చిన్నవిగా ఉన్నప్పుడు వీటిని నమ్మొచ్చా?

కొన్నిటిని నమ్మొచ్చు, కొన్నిటిని నమ్మకూడదు. యాభైలో ఇరవై అంటే 40 శాతం. కానీ ఇలాంటి యాభైమందే మళ్లీ మళ్లీ వస్తే అసలు శాతం సుమారు 28 నుంచి 54 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చని గణాంకశాస్త్రం చెబుతుంది. యాడ్‌లో వందకు పన్నెండు అంటే సుమారు 7 నుంచి 20. ఈ రెండు పరిధులూ తాకడం లేదు కాబట్టి స్టాల్ మెరుగన్నది నమ్మదగ్గ మాట.

వ్లాగర్‌లో అరవైకి తొమ్మిది అంటే 8 నుంచి 26. ఇది యాడ్ పరిధితో దాదాపు పూర్తిగా కలిసిపోయింది. 15 శాతం, 12 శాతం అని చూసి వ్లాగర్ మెరుగని తీర్మానిస్తే అది తొందరపాటు. గివ్‌అవేలో ముప్పైకి ముగ్గురు అంటే 3 నుంచి 26, అసలేమీ చెప్పలేం. నిజానికి గివ్‌అవే ఓడిపోయింది నిలబెట్టడంలో కాదు, కొనిపించడంలో: మూడు వేలమందిలో ముప్పైమందే కొన్నారు. కొన్నాక వాళ్లు మిగతావాళ్ల కంటే అధ్వాన్నమని ఈ లెక్క చెప్పడం లేదు.

ఫార్ములాలు వద్దనుకుంటే ఒక మోటు పరీక్ష చాలు. ఒక సోర్స్‌లో ఇద్దరు తక్కువగా, పక్కదాంట్లో ఇద్దరు ఎక్కువగా నిలిచి ఉంటే వరస తారుమారవుతుందా? అవుతుందంటే ఇంకా నిర్ణయం తీసుకోకండి, తర్వాతి కోహార్ట్ కూడా కలిపి చూడండి.

గివ్‌అవే నుంచి వచ్చినవాళ్లు బాగా కొంటున్నట్టు నా లెక్కలో తేలింది. అది నిజమేనా?

ముందు ఒకటి చూసుకోండి. గివ్‌అవే పోస్ట్‌ను అందరికంటే ఉత్సాహంగా షేర్ చేసేది మీ పాత కస్టమర్లే. వాట్సాప్‌లో రెండేళ్లుగా కొంటూ, ఇన్‌స్టాలో ఫాలో కాని పెద్దావిడ గివ్‌అవే కోసం అమ్మాయి చేత ఫాలో కొట్టించుకుంటారు. ఆవిడ తర్వాత కొన్న ప్రతి సీసా గివ్‌అవే ఖాతాలో పడుతుంది.

పట్టుకోవడం సులభం. మొదటి ఆర్డర్ తేదీ ఫాలో అయిన తేదీ కంటే ముందుంటే ఆ మనిషిని ఆ కోహార్ట్ నుంచి తీసేయాలి. షీట్‌లో D కాలమ్ B కంటే చిన్నదై, సున్నా కాకపోతే, ఆ వరసకు "పాత కస్టమర్" అని గుర్తు పెట్టండి. మీ అంకెలు అనుమానంగా బాగున్నప్పుడల్లా మొదట చూడాల్సింది ఇదే.

మొన్న నెలలో వచ్చినవాళ్లను అప్పుడే పోల్చకూడదా?

ఇంకా 180 రోజులు నిండని మనిషిని "నిలవలేదు" అని రాస్తే తప్పు, వాళ్లకింకా గడువు ఉంది. అలాంటివారి గడి ఖాళీగా ఉండాలి, అందులో సున్నా ఉండకూడదు. ఇద్దరిని పోల్చాలంటే ఒకే వయసులో పోల్చాలి: జనవరి కోహార్ట్ మొదటి 60 రోజుల్లో ఏం చేసిందో, ఫిబ్రవరి కోహార్ట్ మొదటి 60 రోజుల్లో ఏం చేసిందో.

ఆరు నెలలు ఆగలేకపోతే 60 రోజుల్లో రెండో ఆర్డర్ వచ్చిందా అన్నది తొలి సూచనగా వాడుకోవచ్చు. అయితే పాత కోహార్ట్‌లలో ఆ సూచన, తర్వాతి 180 రోజుల ఫలితం ఒకే దిశలో నడిచాయో లేదో ముందు సరిచూసుకోండి.

దసరాకు 30 శాతం తగ్గింపు పెట్టాం, బోలెడంతమంది వచ్చారు. అది సోర్స్ గొప్పతనమా, తగ్గింపు గొప్పతనమా?

ఆ రెంటినీ విడదీయాలంటే తగ్గింపును సోర్స్‌తో పాటు ఇంకో కాలమ్‌గా రాయాలి. ఒకే యాడ్, ఒకే నెల, సగంమందికి కూపన్, సగంమందికి లేదు. అప్పుడే తేడా తెలుస్తుంది. కూపన్‌తో వచ్చినవాళ్లు రెండో ఆర్డర్‌కు అసలు ధర చూసి ఆగిపోతున్నారంటే, మొదటిసారి కొన్నది పచ్చడి నచ్చి కాదు, ధర నచ్చి.

సీజన్ సంగతీ అంతే. నవంబర్‌లో పెట్టిన స్టాల్‌ను ఏప్రిల్‌లో నడిపిన యాడ్‌తో పోల్చకండి. ఏప్రిల్‌లో వచ్చేవాళ్లు కొత్తావకాయ కోసం వస్తారు, వాళ్ల కొనుగోలు తీరే వేరు. కింది నుంచి పైకి అన్ని సోర్స్‌లూ ఒకే నెలవైతేనే పోలిక పోలికలా ఉంటుంది.

తెలిసినవాళ్లు చెప్పగా వచ్చినవాళ్లే ఎక్కువ నిలుస్తున్నారు. రిఫరల్ బహుమతి పెడితే ఇంకా పెరుగుతారా?

ఇక్కడ జాగ్రత్త. అక్క తిని బాగుందని చెల్లికి చెప్పింది, చెల్లి కొని నిలిచింది. ఆ నమ్మకం డబ్బుతో వచ్చింది కాదు. రిఫర్ చేస్తే ₹100 ఇస్తామంటే వచ్చే మనుషులు వేరే రకం కావచ్చు. కోహార్ట్ పట్టిక ఎవరు నిలిచారో చెబుతుంది, మీ ఖర్చు వల్లే నిలిచారా అన్నది చెప్పదు. అందుకే బహుమతి కోసం వచ్చినవాళ్లను, ఊరికే చెప్పగా వచ్చినవాళ్లను రెండు వేర్వేరు సోర్స్‌లుగా రాయండి.

యాడ్ విషయంలోనూ ఇదే అనుమానం ఉంటే ఊళ్లను వాడుకోవచ్చు. ఒక నెల హైదరాబాద్‌లో యాడ్ నడిపి, విశాఖలో ఆపేయండి. విశాఖలో కొత్త కస్టమర్లు తగ్గకపోతే, అక్కడ యాడ్ ఖాతాలో పడుతున్నవాళ్లు యాడ్ లేకున్నా వచ్చేవాళ్లే. ఒక నెల హైదరాబాద్‌లో, ఇంకో నెల విశాఖలో మార్చి ఆపితే నమ్మకం ఇంకాస్త పెరుగుతుంది.

మాకు వెబ్‌సైట్ ఉంది. గూగుల్ అనలిటిక్స్ చాలదా?

కొంతవరకు. లింకుల చివర, మనిషి ఏ దారిలో వచ్చారో చెప్పే `utm_source`, `utm_medium`, `utm_campaign` గుర్తులు తగిలించి పంపితే, గూగుల్ అనలిటిక్స్ ఇప్పటి వెర్షన్ అయిన GA4లో కోహార్ట్ ఎక్స్‌ప్లోరేషన్ పట్టిక గీసిస్తుంది. కానీ అందులో డేటా నిలవ ఉండే కాలం మొదట్లో రెండు నెలలకే సెట్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి 14 నెలలకు మార్చకపోతే ఆరు నెలల వెనక్కి చూడలేరు. ఈ మార్పు ఇవాళే చేయండి. పైగా ఫోన్ మార్చిన మనిషి అక్కడ కొత్త మనిషిగా కనబడతారు. వాట్సాప్‌లో ఆర్డర్ ఇచ్చి యూపీఐలో డబ్బు పంపినవాళ్లు అసలే కనబడరు. అందుకే ఫోన్ నంబర్ ఉన్న షీటే ప్రధానం.

అమెరికా నుంచి ఆర్డర్ చేసే పిల్లల్ని ఎలా లెక్కించాలి?

డాలస్‌లో ఉన్న అబ్బాయి గుంటూరులో అమ్మానాన్నలకు పంపమంటాడు. పార్శిల్ మీద నాన్న నంబర్ ఉంటుంది. కొనాలా వద్దా అని నిర్ణయించేది అబ్బాయి కాబట్టి తాళంగా అతని నంబర్ రాయాలి. డెలివరీ నంబర్‌కు వేరే కాలమ్ పెట్టండి. అలా చేయకపోతే ఒక మనిషి ముగ్గురు బంధువులకు పంపిన మూడు పార్శిళ్లు ముగ్గురు ఒక్కసారి కొనేవాళ్లుగా మారిపోతాయి.

విదేశాలకే పంపించే ఆర్డర్లు మాత్రం పూర్తిగా వేరే పట్టికలో ఉండాలి. కొరియర్ ఖర్చు వల్ల వాళ్లు ఒకేసారి ఎక్కువ కిలోలు తెప్పించుకుంటారు, విరామాలు చాలా పెద్దవి.

ఇంతమంది నంబర్లు, ఐడీలు దాచుకోవడం తప్పు కాదా?

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్ట్యా, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే రాసుకోవడం మంచి పద్ధతి. సోర్స్ లెక్కకు పేరు, చిరునామా అక్కర్లేదు. నంబర్, తేదీలు, సోర్స్ చాలు. షీట్ లింక్‌ను ప్యాకింగ్ చేసేవాళ్లందరికీ తెరిచి పెట్టకండి. ఫాలోవర్ల ఫైల్‌లోని యూజర్‌నేమ్‌లకు వరసపెట్టి మెసేజ్‌లు కొట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. వాళ్లు మీ రీల్స్ చూడటానికి ఫాలో అయ్యారు, మెసేజ్‌లు పంపమని అడగలేదు.

ఇప్పటిదాకా సోర్స్ రాసుకోలేదు. పాత డేటా అంతా వృథాయేనా?

వృథా కాదు. వాట్సాప్ చాట్‌లలో మొదటి మెసేజ్ తేదీ ఉంటుంది, యూపీఐ స్టేట్‌మెంట్‌లో చెల్లింపులు ఉంటాయి. వాటితో సోర్స్ లేకుండానే నెలవారీ కోహార్ట్‌లు కట్టొచ్చు, మీ వాళ్లు ఎన్ని రోజులకు తిరిగి వస్తారన్న విరామం లెక్క అక్కడే దొరుకుతుంది. ఆ నెలల్లో ఏ ప్రచారాలు నడిపారో గుర్తు చేసుకుని నెల పక్కన రాయండి, కానీ మనుషుల పక్కన ఊహించి సోర్స్ వేయకండి. నిలిచిన పాతవాళ్లను ఫోన్ చేసి అడగొచ్చు, బాగానే చెబుతారు. కాకపోతే జారిపోయినవాళ్లు ఫోన్ ఎత్తరు కాబట్టి ఆ జవాబులతో సోర్స్‌ల మధ్య శాతాలు పోల్చలేరు. సోర్స్ పోలిక కావాలంటే ఈ నెల వచ్చే మొదటి మనిషి నుంచి కొత్తగా రాయడం మొదలుపెట్టాలి.